పెళ్ళిరోజు కవితకి తిరువూరు ఆగిపోయిన వైనం

శశాంక్ కోతలు కోస్తాడని తిరువూరు బస్టాండు ఎదురుగా లాజరు టీకొట్టుకి వచ్చేవాళ్ళందరికీ తెలుసు. మోటార్లు, పైపులు అమ్మే శశాంక్ వాళ్ళ షాపు ఆ పక్కనే. ఎవరైనా రైతు బోరులో నీళ్ళు పడ్డాయని చెబితే చాలు, శశాంక్ నోట్లో పడేసరికి ఆ నీళ్ళు కొబ్బరిచెట్టు మొవ్వు దాకా ఎగిరేవి.

ఆ సాయంత్రం మాత్రం అతను కోతలు కోయడానికి రాలేదు. ఇంట్లో ఉండలేక వచ్చాడు. పెళ్ళిరోజు మర్నాడే భార్య రుచిత వినగడపలోని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఫోను చేస్తే "ఊఁ" అంటుంది, "తిన్నాను" అంటుంది, పెట్టేస్తుంది. ఎప్పుడొస్తావని అడిగితే అమ్మ పిలుస్తోందంటుంది. అసలు వస్తుందా రాదా అనేది తనలో తను అనుకోడానిక్కూడా శశాంక్‌కి భయంగా ఉంది.

పొద్దుటినుంచీ ముసురు. టార్పాలిన్ మీంచి నీళ్ళు కారుతున్నాయి. సెల్‌ఫోన్లు బాగుచేసే గిరిబాబు బెంచీ మీద జరిగి చోటిచ్చాడు.

"ఏరా, మీ ఆవిడ ఊళ్ళో లేదటగా? మొదటి ఆషాఢం అయిపోయింది, శ్రావణం కూడా వచ్చింది. మళ్ళీ పుట్టిల్లేంటి?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాడు శశాంక్. అలవాటైన నోరు, ఇంకో దారి పట్టింది.

"నా కవిత దెబ్బరా అది. మొదటి పెళ్ళిరోజుకి కవిత రాశాను. విని తట్టుకోలేక, వాళ్ళమ్మకి చెప్పుకోడానికి వెళ్ళింది."

"నువ్వు కవిత రాశావా?"

"రాశానా అంటావేంటి? కూచుని, బిల్లు కాగితాల వెనకవైపు రాశా. సరదా కవితంటే ఏమనుకున్నావు? పెద్ద పెద్ద మాటలు పనికిరావు. వంటగదిలోంచి తియ్యాలి, బాత్రూంలోంచి తియ్యాలి. ముందు ఓసారి గిల్లాలి. నవ్వుతారు. ఇంకోసారి గిల్లాలి. ఇంకా నవ్వుతారు. మూడోసారి గిల్లబోయినట్టు చెయ్యి చాచి, గిల్లించుకున్న చెయ్యి పట్టుకోవాలి. అక్కడుంది కిటుకంతా."

"అబ్బో! ఏదీ, చెప్పు," అన్నాడు లాజరు, టీ వడగడుతూ.

శశాంక్ గొంతు సవరించుకున్నాడు.

"పప్పులో ఉప్పు మరిచిపోయి
పాయసంలో వేసింది,
ఎలా ఉందని అడిగేలోగా
నాలుక నీళ్ళడిగింది!"

కొట్టులో నవ్వులు లేచాయి. ఆ నవ్వులు చెవిన పడగానే శశాంక్ నడుము నిటారైంది. రుచిత లేని ఇల్లు కాసేపు వెనక్కి జరిగింది.

"ఇంతేనా? మేడ మీద చుట్టాలంతా ఉన్నారు. వాళ్ళ వైపువాళ్ళు, మావైపువాళ్ళు. కేకు కోశాం, నేను కవిత అందుకున్నా. ఈ చరణానికే మా మేనత్త నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారింది. ఆ తర్వాత రెండోది.

పాలు పొయ్యి మీద పెట్టి
ఫోను చెవిన పెట్టింది,
అమ్మతో కబురయ్యేలోగా
గిన్నె బొగ్గై కూచుంది!

ఆ తర్వాత ఏమైందో తెలుసా? కింద వంటింట్లో నిజంగానే పాలు కాగుతున్నాయి. పొంగి అంచు దాకా వచ్చాయి. నా గొంతు వినపడి అక్కడే ఆగాయి! నేను చరణం ముగించాకే పొంగాయి."

"పాలు ఆగాయంటావు?"

"పాలదేముంది, కుక్కరు రెండు కూతలు వేసి మూడోది మింగేసింది. ఇంతలో కరెంటు పోయింది. ఊరంతా చీకటి. మా మేడమీద బల్బొక్కటే వెలుగుతోంది. కరెంటాఫీసు వాళ్ళు వచ్చి తీగలు చూసి, ఇది మా కరెంటు కాదు సార్ అని చెప్పి వెళ్ళిపోయారు."

"ఒరేయ్, కొంచెం తగ్గించు," అన్నాడు గిరిబాబు.

"తగ్గించే చెబుతున్నా. విస్సన్నపేట బస్సు మా వీధి మలుపులో ఆగిపోయింది. డ్రైవరు దిగడు, కదలడు. కండక్టరు దిగి, కవిత అయ్యేదాకా టికెట్లు కొట్టనన్నాడు. వెనక లారీలు, లారీల వెనక ట్రాక్టర్లు. వరస నెమలి ఊరి గుడి దాకా పాకింది. గుళ్ళో గంట కొట్టబోయిన మనిషి చెయ్యి ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు. అప్పుడందుకున్నానురా చివరి చరణం. ఆ చివరి చరణానికి తిరువూరు తిరువూరంతా ఏడ్చింది. గిల్లిన చెయ్యే పట్టుకుంటే ఎలా ఉంటుందో ఆ రోజు చూశారు జనం. మీరు పొద్దుటినుంచీ వాన అనుకుంటున్నారే, అది వాన కాదు..."

"చివరి చరణం నువ్వు చదవలేదు బావా."

శశాంక్ వెనక్కి తిరిగాడు. టార్పాలిన్ అంచున రాంప్రసాద్ నిలబడి ఉన్నాడు, రుచిత అన్న. చేతిలో మోటారు విడిభాగాల సంచి. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

"నేనక్కడే ఉన్నాగా," అన్నాడు రాంప్రసాద్. గొంతు పెంచలేదు. "వీడియో తీసింది నేనే. ఉప్పు చరణానికి మీవాళ్ళు ఇంకోసారన్నారు. చదివావు. మావాళ్ళూ ఇంకోసారన్నారు. మళ్ళీ చదివావు. తర్వాత పాలగిన్నె. మళ్ళీ ఉప్పు. నవ్వులు తగ్గేసరికి భోజనాలకి లేచారు, నువ్వు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నావు. రుచిత కేకు ప్లేటు పట్టుకుని నిలబడే ఉంది. ఇంకా ఏదో చదువుతావని చూస్తా ఉంది."

లాజరు పొయ్యి మంట తగ్గించాడు.

శశాంక్‌కి మేడ మీది ఆ క్షణం కళ్ళముందుకొచ్చింది. ఎవరో భుజం తట్టారు, ఎవరో విస్తరి ముందుకి లాగారు. చివరి చరణం జేబులో ఉందని తెలుసు. కానీ నవ్విన జనం ముందు దాన్ని తీస్తే, ఆ నవ్వు పోతుందనిపించింది.

"చుట్టాల ఫోను గ్రూపులో పెట్టారు ఆ వీడియో," అన్నాడు రాంప్రసాద్. "మా పిన్ని ఇప్పుడు రుచితని పేరు పెట్టి పిలవట్లేదు. ఉప్పులేని పప్పూ అని పిలుస్తోంది. నిన్న వంటకి లేస్తే, నువ్వుండు, మేం చేస్తాం అన్నారు. సరదాకే అన్నారులే. అది పొయ్యి దగ్గరికి పోవడం మానేసింది."

"చివరిది రాశాను బావా. నిజంగా రాశాను."

"ఏదీ?"

కాగితం అక్కర్లేకపోయింది. ఈసారి శశాంక్ గొంతు సవరించుకోలేదు.

"తడి తువ్వాలు మంచం మీద
పడేసేది నేనేగా,
తాళాలేవని రోజూ పొద్దున
అరిచేది నేనేగా,
ఆషాఢంలో నువ్వు లేక
హోటలు కూడు తిన్నాక
ఉప్పులేని ఆ పప్పు కోసం
ఏడ్చినవాణ్ణి నేనేగా."

గిరిబాబు తల దించుకుని టీ గ్లాసులోకి చూస్తున్నాడు.

"దానికి చెప్పవూ?" అన్నాడు శశాంక్. "నువ్వెళ్ళి చెబితే వింటుంది."

"నేను చెబితే ఏం లాభం? పోనీ నువ్వే ఫోనులో చదివినా, అదొక్కతే వింటుంది. నవ్వింది మాత్రం అందరూ." రాంప్రసాద్ సంచి భుజానికి తగిలించుకున్నాడు. "మా ఇంట్లో ఇప్పుడు అమ్మ ఉంది, బాబాయి ఉన్నాడు, పిన్ని ఉంది. ఆ రోజు ఇంకోసారన్నవాళ్ళలో సగంమంది వాళ్ళే. వాళ్ళందర్నీ కూచోబెట్టి వాళ్ళ ముందు చదువు. నవ్వకపోతే నవ్వకపోనీ."

"చదివితే వస్తుందా?"

"అది నాకు తెలీదు బావా."

వినగడప వైపు వెళ్ళే షేర్ ఆటో హారన్ కొట్టింది. రాంప్రసాద్ ఎక్కాడు. శశాంక్ తన షాపు వైపు ఓసారి చూసి, షట్టరు దించకుండానే వచ్చి పక్కన ఇరుక్కున్నాడు. ఆటో నిండా తడిబట్టల వాసన. ఎదుటి సీట్లో బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ముసలావిడ అతన్ని పరకాయించి చూసింది.

"పైపుల కొట్టబ్బాయివి కాదూ? వానలో ఎటు నాయనా, ఏంటి సంగతి?"

దారంతటికీ సరిపడేంత కథ చెప్పగల మనిషి. పెదవులు కదిపాడు. కోతలేవీ రాలేదు, తడి తువ్వాలు చరణమే నాలుక మీదికొచ్చింది.